టీజర్‌లో తేదీ ఎక్కడ రాయాలి, అసలు వీడియో వచ్చాక ఏం మార్చాలి

"మాది పర్లాకిమిడి. నౌపడ–గుణుపురం చిన్న రైలు మీద 35 నిమిషాల డాక్యుమెంటరీ తీశాం. 2026 జనవరి 17, శనివారం సాయంత్రం 7 గంటలకు యూట్యూబ్‌లో వదలాలనుకుంటున్నాం. మూడు వారాల ముందు 40 సెకన్ల టీజర్ వేస్తాం. ఒకప్పుడు ఆ రైల్లో గార్డుగా చేసిన తాత ట్రంకుపెట్టె తెరవడం వరకే అందులో ఉంటుంది. లోపలున్న లాంతరు చూపించం. టైటిల్, డిస్క్రిప్షన్ ఎలా రాయాలి? తేదీ ఎక్కడ పెట్టాలి? పూర్తి వీడియో వచ్చాక టీజర్ తీసేయాలా?"

తీసేయకండి. ముందు ఆ సంగతి చెప్పాకే మిగతాది చెప్తాను, ఎందుకంటే టైటిల్ నుంచి తేదీ దాకా అన్నీ దాని మీదే ఆధారపడి ఉన్నాయి. టీజర్ లింకు ఒకసారి వాట్సాప్ గ్రూపుల్లోకి వెళ్లిందంటే ఇక అది మీ చేతిలో ఉండదు. సూరత్‌లో పనిచేస్తున్న గంజాం వాళ్ల గ్రూపులోనో, విశాఖలో స్థిరపడ్డ పర్లాకిమిడి వాళ్ల గ్రూపులోనో ఆరు నెలల తర్వాత కూడా ఎవరో ఒకరు దాన్ని నొక్కుతారు. డిలీట్ చేస్తే వాళ్లకు ఖాళీ పేజీ కనిపిస్తుంది, మీ వీడియోయే లేదనుకుని వెళ్లిపోతారు. పోనీ అదే లింకులో టీజర్ తీసి పూర్తి వీడియో పెడదామంటే యూట్యూబ్ ఒప్పుకోదు. ఎక్కించిన ఫైలును ఇంకో ఫైలుతో మార్చే వీలు లేదు, కొత్త ఫైలుకు కొత్త లింకే. కాబట్టి మీకు రెండు చిరునామాలు ఉంటాయి. పాత చిరునామాకు వచ్చిన మనిషిని కొత్త చిరునామాకు పంపించేలా టీజర్ చుట్టూ ఉన్న రాత ఉండాలి. దాన్ని తర్వాత మార్చాల్సి వస్తుందని మొదటి రోజే తెలుసుకుని రాయాలి.

అందుకే నేను ఏ టీజర్‌కైనా మొదట చూసేది ఏది మార్చగలం, ఏది మార్చలేం అని. టైటిల్, డిస్క్రిప్షన్, థంబ్‌నెయిల్, పిన్ చేసిన కామెంట్ ఎప్పుడైనా మార్చుకోవచ్చు. వాటిని మార్చినందువల్ల లింకు మారదు, వ్యూస్ పోవు. వీడియో మీద వేసిన అక్షరాలు మార్చలేం. వాట్సాప్‌లో ఇప్పటికే పంపిన లింకు కింద కనిపించే టైటిల్, బొమ్మ కూడా మార్చలేం. అవి పంపిన క్షణంలో ఎలా ఉన్నాయో అలాగే ఉండిపోతాయి. మీరు తర్వాత టైటిల్ మార్చినా పాత మెసేజ్‌లో పాత టైటిలే కనిపిస్తుంది.

ఇది నేను పోగొట్టుకుని తెలుసుకున్నదే. బరంపురంలో ఠాకురాణి యాత్రకు పులి వేషం కట్టే కుర్రాళ్ల మీద ఒక వీడియో చేశాను. టీజర్ టైటిల్లో తేదీ పెట్టాను, థంబ్‌నెయిల్ మీద తేదీ పెట్టాను, వీడియో మధ్యలో డప్పు దెబ్బ దగ్గర కూడా పెద్ద అక్షరాలతో తేదీ వేశాను. ఎడిటింగ్ చేస్తున్న చోట హార్డ్ డిస్క్ పోయింది, విడుదల ఐదు రోజులు వెనక్కి జరిగింది. టైటిల్, థంబ్‌నెయిల్ పది నిమిషాల్లో మార్చేశాను. కానీ వీడియోలోని తేదీ అలాగే ఉంది, వాట్సాప్‌లో తిరుగుతున్నదీ అలాగే ఉంది. మొదట చెప్పిన తేదీన సాయంత్రం కామెంట్లలో "ఏదీ వీడియో?" అని వరుసగా అడిగారు. ఐదు రోజుల తర్వాత వీడియో వచ్చినప్పుడు వాళ్లలో చాలామంది మళ్లీ రాలేదు. ఆ వేషం కట్టిన పిల్లలు వాళ్ల చుట్టాలందరికీ పాత తేదీయే చెప్పుకున్నారు. అది ఇప్పటికీ నాకు బాధగానే ఉంటుంది.

అందువల్ల మీ తేదీ డిస్క్రిప్షన్ మొదటి లైన్లో, పిన్ చేసిన కామెంట్‌లో ఉండాలి. వీడియోలో కూడా వేయాలనిపిస్తే, చిట్టచివరి ఐదు సెకన్లలో ఒక కార్డుగా మాత్రమే వేయండి. మధ్యలో ఎక్కడా వద్దు. చివర ఉంటే తర్వాత యూట్యూబ్ స్టూడియోలోని `Editor`లో `Trim & cut`తో ఆ ఐదు సెకన్లు కోసేయొచ్చు. లింకు, వ్యూస్, కామెంట్లు అన్నీ అలాగే ఉంటాయి. సేవ్ చేశాక అది ప్రాసెస్ కావడానికి కొన్ని గంటలు పట్టొచ్చు, అంతవరకు పాతదే ప్లే అవుతుంది, కంగారు పడకండి. లక్ష వ్యూస్ దాటిన వీడియోలకు ఈ కోత కుదరకపోవచ్చు. మీ టీజర్‌కు లక్ష దాటితే సంతోషమే, కానీ అప్పుడు కార్డు మిగిలిపోతుంది.

టైటిల్లో తేదీ పెట్టాలా వద్దా అన్నది వేరే ప్రశ్న. నా లెక్కలో, ఫైనల్ ఎడిట్ చేతికి రాకముందు టైటిల్లో తేదీ వద్దు. వచ్చాక పెట్టొచ్చు. "త్వరలో" అని మాత్రం ఎక్కడా రాయకండి. చూసేవాళ్లకు దాంతో ఏ పనీ లేదు, ఏ రోజు రావాలో అది చెప్పదు. "ఈ శనివారం", "రేపే" కూడా వద్దు. ఈ టీజర్‌ను ఫిబ్రవరిలో చూసే మనిషికి ఏ శనివారం? తేదీ, నెల, సంవత్సరం, వారం, గంట, అన్నీ ఉండాలి. గల్ఫ్‌లో ఉన్న మన వాళ్లు చూస్తారు కాబట్టి భారత సమయం అని కూడా రాయండి. మన సాయంత్రం 7 గంటలంటే దుబాయ్‌లో ఐదున్నర.

ఇక ఆసక్తి సంగతి. చాలామంది టీజర్ టైటిల్ ఇలా పెడతారు: "పర్లాకిమిడి రైలు టీజర్ | మీరు ఎప్పుడూ చూడని నిజాలు". ఇందులో చూసేవాడి మనసులో ఏ ప్రశ్నా పుట్టదు. ఏ నిజాలు? ఎవరివి? ఆ మాట మామిడి తోట మీద వీడియోకైనా సరిపోతుంది. మీ దగ్గర అంతకన్నా గట్టిది ఉంది, ఆ ట్రంకుపెట్టె. తాత తాళం తీస్తున్నాడు, మూత లేస్తోంది, లోపల ఏముందో కనపడేలోపే టీజర్ ఆగిపోతుంది. టైటిల్ కూడా అక్కడే ఆగాలి:

"చిన్న రైలు గార్డు తాత పెట్టెలో ఏముంది? | పర్లాకిమిడి | టీజర్"

ప్రశ్న ముందు వచ్చింది, ఊరు తర్వాత వచ్చింది, ఇది టీజరే అన్న మాట చివర ఉంది. టైటిల్‌కు 100 అక్షరాల వరకు చోటు ఉంటుంది గానీ ఫోన్లో అంతా కనపడదు, తెలుగు అక్షరాలు వెడల్పుగా ఉండటం వల్ల ఇంకా త్వరగా తెగిపోతుంది. తెగినా సరే, మొదటి నాలుగైదు మాటల్లో ప్రశ్న పూర్తయి ఉండాలి. థంబ్‌నెయిల్ కూడా అదే ప్రశ్న అడగాలి. ముడతలు పడ్డ చెయ్యి, తుప్పు పట్టిన గొళ్లెం, సగం తెరిచిన మూత. లాంతరు కనపడకూడదు, చిన్న రైలింజను ఫొటో కూడా వద్దు. ఇంజను ఫొటో పెడితే చూసేవాడు ఓహో రైలు వీడియో అని పేరు పెట్టేసి పక్కకు జరుగుతాడు. థంబ్‌నెయిల్ మీద అక్షరాలు వేయకపోతే ఇంకా మంచిది.

ఒక్క షరతు ఉంది. టైటిల్లో అడిగిన ప్రశ్నకు పూర్తి వీడియోలో జవాబు దొరకాలి, అదీ కొంచెం ముందుగానే. పెట్టె ముప్ఫై మూడో నిమిషంలో తెరుచుకుంటే జనం అంతవరకు ఉండరు, మోసపోయామనుకుంటారు. అలాగే టీజర్ టైటిల్లో "పూర్తి వీడియో", "ఫుల్ డాక్యుమెంటరీ" అన్న మాటలు, వెతికితే దొరుకుతుందని ఆశపడి పెట్టకండి. లోపల లేనిది టైటిల్లో ఉందని చెప్పడం యూట్యూబ్ నియమాలకు విరుద్ధం. టైటిల్, థంబ్‌నెయిల్ ఇచ్చిన మాట వీడియోలో లేకపోతే మన దేశంలో ఇక మరింత గట్టిగా చూస్తామని 2024 డిసెంబరులో వాళ్లే ప్రకటించారు.

డిస్క్రిప్షన్‌లో పైన రెండు లైన్లే బయటకు కనిపిస్తాయి, మిగతాది నొక్కితే గానీ తెరుచుకోదు. టీజర్ వేసిన రోజు పైన ఇలా ఉంటే చాలు:

> పూర్తి డాక్యుమెంటరీ: 2026 జనవరి 17, శనివారం, సాయంత్రం 7 గంటలకు (భారత సమయం), ఈ ఛానెల్‌లోనే.
> ఒకప్పటి గార్డు తాత ట్రంకుపెట్టెను ఇన్నేళ్లకు తెరిచారు.

దాని కింద కథకు ఆధారం ఇవ్వండి. పర్లాకిమిడి రాజావారు వేయించిన లైను, 1900లో నౌపడ నుంచి పర్లాకిమిడి దాకా, 1931లో గుణుపురం దాకా, రెండున్నర అడుగుల గేజి, 2004లో ఆగిపోయింది, తర్వాత పెద్ద గేజి వచ్చింది. ఇవి నాలుగు లైన్లలో చెప్తే చాలు. ఇక్కడ మన ఆంధ్ర–ఒడిశా సరిహద్దు ఊళ్లకే ఉన్న చిక్కు ఒకటుంది. ఊరి పేరు మనం ఒకలా అంటాం, రికార్డుల్లో ఇంకోలా ఉంటుంది. వెతికేవాడు తెలుగులో కొడతాడు, ఇంగ్లీషు అక్షరాల్లో `Parlakimidi` అని కొడతాడు, `Paralakhemundi` అనీ కొడతాడు. `Naupada`, `Nowpada` కూడా అంతే. ఈ స్పెల్లింగులన్నీ డిస్క్రిప్షన్ అడుగున ఒక మామూలు వాక్యంలో రావాలి. ట్యాగ్‌ల పెట్టెలో కూడా వేయొచ్చు గానీ ట్యాగ్‌ల ప్రభావం చాలా తక్కువని యూట్యూబే చెప్తుంది. స్పెల్లింగు తేడాలకు తప్ప వాటి మీద సమయం పెట్టనక్కర్లేదు.

మీకు ఒడియా ప్రేక్షకులు కూడా ఉంటారు కదా, గుణుపురం వైపు మరీను. టైటిల్‌కీ డిస్క్రిప్షన్‌కీ ఒడియా అనువాదం చేర్చే వీలు స్టూడియోలో ఉంది. ఫోన్ ఒడియాలో పెట్టుకున్నవాళ్లకు ఒడియా టైటిలే కనిపిస్తుంది. తప్పకుండా చేర్చండి. కానీ తెలుగు టైటిల్ మార్చినంత మాత్రాన ఒడియా టైటిల్ దానంతట అది మారదు. మీ ఫోన్ తెలుగులోనో ఇంగ్లీషులోనో ఉంటే ఆ తప్పు మీకు ఎప్పటికీ కనపడదు కూడా. నా పులి వేషం వీడియో వచ్చిన రెండు నెలల తర్వాత ఛత్రపురం మిత్రుడొకరు "ఇంకా రాలేదా?" అని ఫోన్ చేస్తే తెలిసింది, అతనికి టీజర్ పైన ఒడియాలో పాత తేదీయే కనపడుతోందని. అందుకే అనువాదంలో టైటిల్ జోలికి తేదీని రానివ్వకండి. డిస్క్రిప్షన్‌లో మాత్రం ఒక్క లైనుగా ఉంచండి, మార్చాల్సిన చోటు ఒక్కటే ఉంటుంది.

టీజర్‌ను నిలువుగా తీయాలా అడ్డంగా తీయాలా అని మీరు అడగలేదు, కానీ ఇది మెటాడేటా సంగతే. మూడు నిమిషాల లోపు నిలువు వీడియో షార్ట్ అయిపోతుంది. షార్ట్ డిస్క్రిప్షన్‌లోనూ కామెంట్లలోనూ లింకు పెట్టినా నొక్కితే తెరుచుకోదు, 2023 ఆగస్టు చివరి నుంచి అంతే. వీడియో చివర ఇంకో వీడియోకు దారి చూపే ఎండ్ స్క్రీన్ కూడా ఉండదు. పూర్తి వీడియోకు పంపే దారి ఒక్కటే, స్టూడియోలో ఆ షార్ట్ వివరాల్లో `Related video` అన్న చోట మీ వీడియోను ఎంచుకోవడం. అడ్డం టీజర్ అయితే డిస్క్రిప్షన్ లింకు పనిచేస్తుంది, ఎండ్ స్క్రీన్ పెట్టొచ్చు. ఎండ్ స్క్రీన్‌కు వీడియో కనీసం 25 సెకన్లు ఉండాలి. మీది 40, చివరి కార్డు ఐదు కోసినా 35 మిగులుతుంది, ఇబ్బంది లేదు. నేనైతే అడ్డం టీజర్‌ను అసలైనదిగా పెట్టుకుని, నిలువుది ఇంకొకటి పక్కన వేస్తాను.

పూర్తి వీడియో ఫైనల్ ఎడిట్ చేతికొచ్చాక, అంటే జనవరి 14, 15 ప్రాంతంలో, దాన్ని ఎక్కించి `Set as Premiere` పెట్టండి. ఊరికే షెడ్యూల్ చేస్తే ఆ గంట వచ్చేదాకా వీడియో ప్రైవేటుగా ఉంటుంది, లింకు ఎవరికీ పనిచేయదు. ప్రీమియర్ అయితే పేజీ ముందే బయటకు కనిపిస్తుంది, చూసేవాళ్లు రిమైండర్ పెట్టుకోవచ్చు, సమయం ఎవరి దేశానికి తగ్గట్టు వాళ్లకు చూపిస్తుంది. సంక్రాంతికి ఊరొచ్చిన వాళ్లు ఇంటిల్లిపాదీ కలిసి ఉన్నప్పుడే ఆ లింకు చేతికి అందుతుంది. అప్పుడు టీజర్ డిస్క్రిప్షన్ మొదటి లైన్లో తేదీ పక్కన ఆ లింకు చేర్చండి, టైటిల్లో "జనవరి 17" కూడా చేర్చండి. ఫైనల్ కాని కట్ మాత్రం ప్రీమియర్‌కు ఎక్కించకండి. తర్వాత తప్పు కనపడితే ఫైలు మార్చలేరు, అది తీసేసి కొత్తది పెట్టాలి, అప్పటికి రిమైండర్ పెట్టుకున్నవాళ్లందరూ పోతారు.

తేదీ జరిగితే చప్పుడు చేయకుండా అంకె మార్చి వదిలేయకండి. పాత తేదీ గుర్తుపెట్టుకున్నవాడికి తేడా తెలియాలి: "తేదీ మారింది. జనవరి 17 కాదు, జనవరి 24, శనివారం, సాయంత్రం 7 గంటలకు." పైన మొదటి లైను ఇదే, పిన్ చేసిన కామెంట్ కూడా ఇదే. కారణం ఒక వాక్యంలో చెప్తే చాలు. ఈ మెసేజే గ్రూపుల్లో కూడా మళ్లీ పంపండి, ఎందుకంటే అక్కడున్న పాత ప్రివ్యూ తనంతట తాను మారదు.

జనవరి 17 రాత్రి ప్రీమియర్ పూర్తయ్యాక కూర్చుని చేయాల్సిన పని అరగంట ఉంటుంది. మొదట పూర్తి వీడియో లింకును లాగిన్ లేని బ్రౌజర్‌లో తెరిచి అందరికీ వస్తోందో లేదో చూడండి. తర్వాత టీజర్ డిస్క్రిప్షన్ మొదటి లైను పూర్తిగా మార్చండి. "వస్తోంది" పోయి "వచ్చింది" రావాలి:

> పూర్తి డాక్యుమెంటరీ వచ్చింది, ఇక్కడ చూడండి: (లింకు)

ఆ తర్వాత టైటిల్లోంచి తేదీ తీసి "టీజర్, లింకు కింద" అని చివర ఉండేలా చూడండి. ముందున్న ప్రశ్నను మాత్రం అలాగే ఉంచండి, జనం దాన్ని చూసే నొక్కారు. కామెంట్‌ను కూడా మార్చండి, మార్చాక పిన్ ఉందో లేదో ఒకసారి చూసుకోండి. తర్వాత చివరి కార్డు కోయండి. కోత ప్రాసెస్ అయ్యాకే ఎండ్ స్క్రీన్ పెట్టండి. ముందు ఎండ్ స్క్రీన్ పెట్టి తర్వాత కోస్తే దాని స్థానం చెడుతుంది. ఎండ్ స్క్రీన్‌లో "తాజా వీడియో" అన్నది కాకుండా మీ డాక్యుమెంటరీనే పేరు పెట్టి ఎంచుకోండి. లేకపోతే వచ్చే నెల మీరు వేసే ఇంకేదో వీడియో అక్కడికొచ్చి కూర్చుంటుంది. నిలువు టీజర్‌కు `Related video` పెట్టండి. ఆఖరున ఒడియా అనువాదం తెరిచి అదే లైను అక్కడ కూడా మార్చండి, ఫోన్ భాష ఒడియాకు మార్చి మీ కళ్లతో చూసుకోండి.

పూర్తి వీడియో రాత టీజర్‌కు నకలు కాకూడదు. టీజర్ డిస్క్రిప్షన్ కాపీ చేసి అతికించడంతో, వీడియో వచ్చాక కూడా దాని కిందే "జనవరి 17న వస్తోంది" అని ఉన్న ఛానెళ్లు నేను ఎన్నో చూశాను. టైటిల్ కూడా ఒకటే అయితే వెతికినప్పుడు రెండూ ఒకదానితో ఒకటి పోటీ పడతాయి, పాతది కావడం వల్ల టీజరే పైకి రావచ్చు. టీజర్ ప్రశ్న అడిగింది కాబట్టి పూర్తి వీడియో జవాబుతో మొదలవ్వాలి:

"గార్డు లాంతరు: నౌపడ–గుణుపురం చిన్న రైలు కథ | పూర్తి డాక్యుమెంటరీ"

ఇక్కడ థంబ్‌నెయిల్ మీద లాంతరు కనిపించొచ్చు, కనిపించాలి కూడా. ఎరుపు అద్దం, పచ్చ అద్దం తిప్పే ఆ చేతి లాంతరును తాత ముఖం పక్కన పట్టుకున్న ఫ్రేమ్ మీ దగ్గర ఉండే ఉంటుంది. టీజర్ చూసినవాడికి ఆ ఫొటో చూడగానే పెట్టె గుర్తొస్తుంది.

వారం తర్వాత అంకెలు చూడండి. పూర్తి వీడియోకు ట్రాఫిక్ ఎక్కడి నుంచి వచ్చిందో చూపించే చోట ఎండ్ స్క్రీన్లు, సజెస్టెడ్ వీడియోల కింద మీ టీజర్ పేరు కనపడితే దారి పనిచేస్తున్నట్టు. టీజర్‌కు వ్యూస్ వస్తూనే ఉండి పూర్తి వీడియో జాబితాలో టీజర్ పేరు లేదంటే, ఎక్కడో లింకు తెగింది. ముందు మొదటి లైను, తర్వాత ఎండ్ స్క్రీన్ చూడండి. టీజర్ సెర్చ్ మాటల్లో "full", "పూర్తి" అన్నవి ఎక్కువగా ఉంటే, పూర్తి వీడియో కోసం వెతికినవాళ్లు పొరపాటున ఇక్కడికి వస్తున్నారని అర్థం. నెల దాటినా అలాగే ఉంటే అప్పుడు టీజర్‌ను అన్‌లిస్టెడ్ చేయండి. సెర్చ్‌లోంచి అది తప్పుకుంటుంది, సూరత్ గ్రూపులో ఉన్న పాత లింకు మాత్రం తెరుచుకుంటూనే ఉంటుంది, కింద పూర్తి వీడియో లింకుతో సహా.